ఒకే డెంగీ, మూడు పోస్టులు: ఎవరి గొంతు ఎలా ఉండాలి?

రాతకూలీ
నేను డబ్బులు తీసుకుని వేరేవాళ్ల పేజీలకు పోస్టులు రాసి పెడుతుంటాను. ఈ వారం ముగ్గురు డెంగీ మీదే అడిగారు. ఒకరు పిల్లల డాక్టర్ గారు, ఒకరు స్టాండప్ చేసే కుర్రాడు (ఈ మధ్యే డెంగీ వచ్చి తగ్గింది), మూడోది ఒక మునిసిపల్ ఆఫీసు. బద్ధకించి ఒకే డ్రాఫ్టును అటూ ఇటూ తిప్పి ముగ్గురికీ ఇచ్చేశాను. డాక్టర్ గారి పోస్టు "డెంగీ ప్రాణాంతకం! నిర్లక్ష్యం వద్దు!! వెంటనే సంప్రదించండి" అని మొదలవుతుంది, కింద మొదటి కామెంటే "టెస్టుల బేరం మొదలైందా సార్" అని. ఆఫీసు పోస్టులో "దోమ గారికి రెడ్ కార్పెట్ పరిచారా?" అని సరదాగా పెడితే, మా కాలువ తీసి మూడు నెలలైంది, మీకు జోకులా అని కడిగేశారు. కుర్రాడి పోస్టు మాత్రం బాగా తిరిగింది. రాసింది ఒకే చెయ్యి, విషయం ఒకటే, ఎక్కడ తప్పింది?

వార్డు డాక్టరమ్మ
పిల్లల వార్డులో పని చేస్తాను కాబట్టి డాక్టర్ పోస్టు గురించి మాత్రం చెప్తాను. "ప్రాణాంతకం" అన్న మాట అబద్ధం కాదు, కానీ రాత్రి పదకొండింటికి 102 జ్వరంతో ఉన్న పిల్లాడి పక్కన కూర్చుని చదివే తల్లికి దానితో ఏ పనీ జరగదు. ఇప్పుడు ఏం చేయాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు అక్కర్లేదు, ఆమెకు కావాల్సింది ఈ మూడే. నేనైతే ఇలా రాస్తా:

"జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ పిల్లల బరువును బట్టి. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరగొచ్చు. ఓఆర్ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజులు ఇంకా జాగ్రత్తగా చూడండి. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా తీసుకురండి. ఇవేవీ లేక, పిల్లాడు తాగుతూ ఆడుకుంటుంటే రేపు ఓపీకి వస్తే చాలు."

"రేపు వస్తే చాలు" అని ఉంది చూశారా, ఆ ఒక్క వాక్యం ఉంటే బేరం అనరు. రావొద్దని కూడా చెప్పే డాక్టర్ని జనం నమ్ముతారు. ఆశ్చర్యార్థకాలు మాత్రం మొత్తం తీసేయండి, దండం పెడతా.

మోటుమాట
మేడమ్, ఇంత మెత్తగా చెప్తే మనోళ్లు వింటారా? ఒక్క లైను పెద్దక్షరాలతో కొట్టాలి. ప్లేట్‌లెట్లు యాభై వేలు దాటి కిందికొస్తే ఎక్కించాల్సిందే, అంతే, ఫినిష్.

వార్డు డాక్టరమ్మ
ఒక్క లైనే గుర్తుంటుందన్నది నిజం. కానీ ఆ లైను తప్పు. రక్తస్రావం లేకపోతే పది వేల కంటే కిందికి వస్తే తప్ప సాధారణంగా ఎక్కించరు. ఆ యాభై వేలు పట్టుకుని దాతల కోసం ఊరంతా ఫోన్లు చేస్తుంటారు, ఈలోపు పిల్లాడికి నీళ్లు తాగించేవాళ్లుండరు. మేం ప్లేట్‌లెట్లకంటే బీపీ, మూత్రం, రక్తం చిక్కబడటం చూస్తాం.

శిరీష_కరీంనగర్
అందరికీ నమస్తే. మా అమ్మకు నాలుగో రోజు, పొద్దున నుంచి జ్వరం లేదు. ప్లేట్‌లెట్లు 62 వేలు. కివీ పండు పెట్టాల్నా, బొప్పాయి ఆకు రసం పొయ్యాల్నా? జ్వరం పోయింది కదా అని మేమైతే నిమ్మళంగా ఉన్నం.

వార్డు డాక్టరమ్మ
శిరీషా, ఇక్కడ చర్చ వేరే దాని గురించి, అయినా ముందు మీది. వాంతులు, కడుపునొప్పి, మత్తు ఏమైనా ఉన్నాయా? జ్వరం పోయిన ఈ రోజే జాగ్రత్తగా ఉండాల్సింది. ఆమెను చూడకుండా నేనిక్కడ ఇంకేం చెప్పలేను, ఈ రోజే చూపించండి. కివీ సంగతి తర్వాత.

శిరీష_కరీంనగర్
రెండుసార్లు కక్కింది, కడుపునొప్పి అంటోంది. పైత్యం అనుకున్నం. మా ఫ్యామిలీ గ్రూపులో "జ్వరం దిగిందంటే డెంగీ ఖతం, ఆ రాత్రే బిర్యానీ కొట్టేయ్" అని వచ్చింది, ఎవరో డాక్టర్ రాసిందే అన్నరు. బయల్దేరుతున్నం.

రాతకూలీ
అయ్యో. అది డాక్టర్ రాసింది కాదు. నేను రాసింది. కమెడియన్ పోస్టులో ఆఖరి లైను.

మైకు_తమ్ముడు
ఆ కమెడియన్ని నేనే. అన్న రాశాడు, ఓకే చేసింది నేను. పైన "బొప్పాయి ఆకు రసం తాగితే నాకు ప్లేట్‌లెట్లు కాదు, వైరాగ్యం పెరిగింది" అని ఉంది, కివీ పండ్ల ఖర్చుకు ఈఎంఐ పెట్టుకున్నానని ఉంది. నా పేరు, నా మొహం పక్కన ఉన్నంతసేపు ఎవరికీ డౌటు రాలేదు, నేను వాగుతానని తెలిసే వస్తారు. ఎవరో ఆఖరి లైను ఒక్కటే కట్ చేసి పంపారు. దాంట్లో నేను లేను, నవ్వూ లేదు, సలహా ఒక్కటే మిగిలింది. నా మీద, కివీ మీద, మా మామయ్య వైద్యం మీద జోకులు ఉంచుతా. ఎన్నో రోజుకు తగ్గుతుంది, ఏం తినాలి అనేవి మాత్రం ఇక ముట్టను. ఆ లైను ఇప్పుడే తీసేశా, కానీ ఫార్వర్డ్ అయింది ఎక్కడెక్కడ తిరుగుతోందో.

పాత డీపీఆర్వో
ఇరవై ఏళ్లు ప్రెస్ నోట్లు రాసి రిటైర్ అయ్యాను, ఆఫీసు పోస్టు సంగతి నేను చెప్తాను. మా కాలంలో "దోమల నివారణకు తగు చర్యలు తీసుకోబడుచున్నవి" అని రాసేవాళ్లం. ఎవరు తీసుకుంటున్నారు, ఎప్పుడు, ఏ వీధిలో, ఒక్కటీ ఉండదు. బాధ్యత ఎవరి మీదా పడకుండా రాసే విద్య అది, నేనూ అందులో ఆరితేరినవాణ్ణే. రాతకూలీ గారు దాన్ని తీసేసి జోకు పెట్టారు. జనం అడిగేది రెండింటిలోనూ లేదు.

ఇలా రాసి చూడండి: "12వ వార్డులో గురువారం ఉదయం 6 నుంచి 8 వరకు ఫాగింగ్ చేస్తాం. ఆ సమయంలో తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి, తిండి పదార్థాలపై మూతలు పెట్టండి. బండి రాకపోతే ఈ నంబరుకు చెప్పండి. పొగకు ఎగిరే దోమలే చస్తాయి, నీళ్లలోని పురుగు చావదు. అందుకే శుక్రవారం డ్రైడే నాడు డ్రమ్ములు, కూలర్లు, కుండీల కింది పళ్లేలు ఖాళీ చేసి, లోపలి అంచులు రుద్ది కడగండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి చేస్తే సరిపోతుంది."

వరస చూడండి. ముందు మేం చేసేది, తర్వాత మీరు చేయాల్సింది. తిరగేసి రాస్తే తిట్టినట్టుంటుంది.

మోటుమాట
మరి 2024లో హైదరాబాద్ పోలీసులు ఫోన్ మాట్లాడుతూ బండి నడిపేవాడి ఫొటో వేసి "మీది మొత్తం 1000 అయింది, యూజర్ ఛార్జీలు ఎక్స్‌ట్రా" అని పెట్టలేదా? ఊరంతా షేర్ చేసింది. ఆఫీసు నవ్వకూడదని ఎక్కడుంది?

పాత డీపీఆర్వో
అక్కడ తప్పు బండివాడిది. ఇక్కడ కాలువ తీయనిది ఆఫీసు. బాకీ ఉన్నవాడు జోకేస్తే ఒళ్లు మండదూ?

మోటుమాట
సరే, కానీ మీ 12వ వార్డు నోటీసు ఎవడు చదువుతాడు సార్? చూసేవాడే లేకపోతే ఎంత బాగా రాసి ఏం లాభం?

పాత డీపీఆర్వో
12వ వార్డువాళ్లు చదువుతారు. మిగతావాళ్లు చదవకపోయినా నాకు బాధ లేదు. రాతకూలీ గారికి లైకుల లెక్క అడుగుతారేమో, అది వేరే బాధ.

శిరీష_కరీంనగర్
చేర్చుకున్నరు, సెలైన్ పెట్టిన్రు. పీసీవీ ఎక్కువుంది అంటున్నరు, అంటే ప్లేట్‌లెట్లేనా?

వార్డు డాక్టరమ్మ
కాదమ్మా, రక్తం చిక్కబడుతోందని. సరైన టైముకే వెళ్లారు. మళ్లీ ఎప్పుడు చూస్తారో నర్సుని అడిగి రాసిపెట్టుకోండి.

రాతకూలీ
డాక్టర్ గారి పోస్టు మార్చి పెట్టాను. కుర్రాడు తన పేజీలో "ఆ లైను నాదే, తప్పు" అని విడిగా రాశాడు, నవ్వించకుండా. ఆఫీసువాళ్లు డీపీఆర్వో గారి డ్రాఫ్టు వెనక్కి పంపారు, వార్డు, టైము, ఫోన్ నంబరు తీసేసి "తగు చర్యలు" అని పెట్టమంటున్నారు. బండి రెండున్నాయట, ఒకటి రిపేరులో ఉంది, టైము ఇస్తే ఇరుక్కుంటామని. ఇప్పుడేం రాయమంటారు?