స్కాట్ కనెక్షన్‌లో టీజర్‌కి 86.6 ట్యాప్ తప్పనిసరా?

ఫర్నేస్ ఆపరేటర్: 400/100 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు రెండున్నాయి, రెండూ ఒకే రకం. ప్రైమరీకి మధ్య ట్యాప్ ఉంది, 86.6 శాతం ట్యాప్ లేదు. అది లేకుండా స్కాట్ కనెక్షన్‌తో త్రీ ఫేజ్ నుంచి టూ ఫేజ్ తీయొచ్చా?

శేఖర్: కుదరదండి. 90 డిగ్రీల తేడా వచ్చేదే ఆ 86.6 వల్ల.

పాత వైండర్: శేఖర్ గారూ, ఆ నిష్పత్తి కావాలన్నది నిజమే, కారణం అది కాదు. రెండు ట్రాన్స్‌ఫార్మర్లలో మెయిన్ అనేది వై, బీ ఫేజుల మధ్య ఉంటుంది. రెండోది, టీజర్, ఆర్ ఫేజు నుంచి మెయిన్ నడిమధ్యకు వస్తుంది. సమబాహు త్రిభుజంలో శీర్షం నుంచి ఎదుటి భుజం మధ్యకు గీసిన గీత ఎప్పుడూ లంబమే. కాబట్టి 90 డిగ్రీలు మధ్య ట్యాప్ ఇస్తుంది, టీజర్ చుట్లు ఎన్నయినా సరే.

చెడేది వోల్టేజీ. ఆ లంబం పొడవు భుజంలో 0.866 వంతే, అంటే టీజర్‌కి అందేది 346 వోల్టులు. ప్రైమరీ మొత్తం వాడితే సెకండరీలో 86.6 వోల్టులే వస్తాయి. రెండు ఫర్నేసుల రెసిస్టెన్స్ ఒకటే అయితే టీజర్ వైపు దానికి 75 శాతం వేడే అందుతుంది.

నిష్పత్తి సరిగ్గా ఉంటే కరెంట్లు ఎంత చక్కగా కుదురుతాయో చూడండి. ఒక్కో ఫర్నేసు 100 ఆంపియర్లు తీసుకుంటే టీజర్ ప్రైమరీలో 28.9 ఆంపియర్లు. అది మెయిన్ మధ్యకు చేరి చెరిసగం, అంటే 14.4 చొప్పున చీలుతుంది. మెయిన్ సొంత లోడు 25. ఈ రెండూ 90 డిగ్రీల తేడాతో కలిస్తే మళ్లీ 28.9. మూడు ఫేజులూ సమానం.

రాత్రి షిఫ్టు: మా దగ్గర ఒక్క ఫర్నేసే నడిపితే ఆర్ ఫేజ్ మీటరు సున్నా చూపిస్తోంది. కనెక్షన్ తప్పా?

పాత వైండర్: తప్పు కాదండి, మెయిన్ మీది ఫర్నేసే నడుస్తోంది. రెండు వైపులా లోడు సమానంగా ఉంటేనే మూడు ఫేజులూ సమానమవుతాయి.

శేఖర్: కోణం సంగతి ఒప్పుకుంటాను. అయితే ట్యాప్ ఎందుకు? టీజర్ సెకండరీకే 15.5 శాతం చుట్లు పెంచితే సరిపోదా?

పాత వైండర్: సిద్ధాంతంలో సరిపోతుంది, కావాల్సింది నిష్పత్తే కాబట్టి. కానీ సెకండరీలో పదే చుట్లు ఉంటే 11.55 ఎలా చుడతారు? 11 వేస్తే 95 వోల్టులు, 12 వేస్తే 104. అదే 40 చుట్ల ప్రైమరీలో 35వ చుట్టు దగ్గర ట్యాప్ తీస్తే 99 వస్తాయి.

శేఖర్: సెకండరీలో చుట్లు ఎక్కువగా ఉంటే మాత్రం నేను నా పద్ధతే ఎంచుకుంటాను. ప్రైమరీ విప్పే పని ఉండదు.

పాత వైండర్: అప్పుడు రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ ఒకదాని బదులు ఒకటి వాడుకోవడానికి కుదరదు. నాకు అదే ముఖ్యం.

ఫర్నేస్ గారూ, ఇంకో సంగతి. మెయిన్ ప్రైమరీ రెండు సగాలూ ఒకదానిలో ఒకటి కలిపి చుట్టి ఉన్నాయా? విడివిడిగా ఉంటే టీజర్ కరెంటుకి అవి చోక్‌లా అడ్డుపడతాయి. లోడు లేనప్పుడు రెండు వైపులా 100 చూపిస్తుంది, లోడు పెట్టగానే టీజర్ వైపు వోల్టేజీ బాగా పడిపోతుంది.

ఫర్నేస్ ఆపరేటర్: బయటికి కనిపించడం లేదు. కవర్ తీసి చూసి చెబుతాను.