గత సమావేశపు మినిట్స్‌లో అంకె తారుమారైంది: ఎలా దిద్దాలి, ఎవరు సంతకం చేయాలి?

ప్రశ్న, విశాఖపట్నం నుండి ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి:
మాది 48 ఫ్లాట్ల సంఘం. గత నెల కార్యవర్గ సమావేశంలో లిఫ్టు మరమ్మతుకు రూ. 1,85,000 మంజూరు చేశాము. మినిట్స్ పుస్తకంలో నేను పొరపాటున రూ. 1,58,000 అని రాశాను. అధ్యక్షుల సంతకం ఇంకా కాలేదు. వారు ఊరిలో లేనందున రాబోయే సమావేశానికి ఉపాధ్యక్షులు అధ్యక్షత వహిస్తారు. ఆ పేజీ చింపి మళ్లీ రాయవచ్చునా? సంతకం ఎవరు చేయాలి? ఇది కాక, ఒక సభ్యుడు తాను ఆ ఖర్చుకు ఒప్పుకోలేదని, ఆ మాట కూడా మినిట్స్‌లో చేర్చాలని అడుగుతున్నారు.

గుంటూరు నుండి ఒక కోశాధికారి:
పేజీ చింపకండి. అయితే దిద్దుబాటును ప్రతిపాదించడానికైనా, ఆమోదించడానికైనా ఆనాటి సమావేశానికి హాజరైనవారే అర్హులు. సంతకం కూడా ఆనాటి అధ్యక్షులే చేయాలి, లేకపోతే చెల్లదు.

హైదరాబాదు నుండి ఒక విశ్రాంత కంపెనీ సెక్రటరీ:
కోశాధికారి గారి మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. పేజీల సంఖ్యలో ఒకటి తగ్గిందంటే ఆ పుస్తకాన్ని ఇక ఎవరూ నమ్మరు. రెండవ మాట మంచి అలవాటే కాని, మీ నియమావళిలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప నిబంధన కాదు. హాజరైనవారు ప్రతిపాదించి, హాజరైన మరొకరు బలపరిస్తే నమ్మకం పెరుగుతుంది. అంతమాత్రాన రానివారికి ఓటు లేదనుకుంటే, ఎన్నికలు జరిగి కార్యవర్గం మొత్తం మారినప్పుడు పాత మినిట్స్‌ను ఆమోదించేవారే ఉండరు కదా! సంతకం విషయమూ అంతే. మినిట్స్‌ను ఆమోదించిన సమావేశానికి ఎవరు అధ్యక్షత వహిస్తే వారు సంతకం చేయవచ్చు. తేదీ మాత్రం సంతకం పెట్టిన రోజుదే వేయాలి, పాత సమావేశం తేదీ వేయకూడదు.

అంకె విషయంలో ముందుగా ఆధారం చూపండి. కొటేషన్ ఫైలులో ఉంటుంది. అడ్వాన్సు ఏమైనా చెల్లించారా?

కార్యదర్శి:
40 శాతం చొప్పున రూ. 74,000 చెల్లించాము.

విశ్రాంత కంపెనీ సెక్రటరీ:
అయితే లెక్కే సాక్ష్యం చెబుతోంది. 1,85,000లో 40 శాతం 74,000 అవుతుంది, 1,58,000లో అయితే 63,200 మాత్రమే. సమావేశంలో గత మినిట్స్ చదివాక, ఆమోదానికి పెట్టక ముందే ఒక సభ్యుడు ఈ దిద్దుబాటును ప్రతిపాదించాలి. ఆ తరువాత కొత్త సమావేశపు మినిట్స్‌లో ఇలా రాయండి: "గత సమావేశపు మినిట్స్‌లో లిఫ్టు మరమ్మతు అంశం కింద రూ. 1,58,000 అని ఉన్నదానిని రూ. 1,85,000గా సవరించి, ఆ సవరణతో మినిట్స్‌ను ఆమోదించడమైనది." ప్రతిపాదించినవారి, బలపరచినవారి పేర్లు దాని కిందనే రాయండి. పాత పేజీలో తప్పు అంకె చదవగలిగేలా దానిపై ఒకే గీత గీసి, పక్కన సరైన అంకె రాసి, సభాధ్యక్షులచేత అక్కడ పొట్టి సంతకం, తేదీ పెట్టించండి. వైట్‌నర్ పూస్తే ఆడిటరు అడిగే మొదటి ప్రశ్న దాని కింద ఏముందనే. ఒకవేళ మినిట్స్‌పై అప్పటికే సంతకం అయిపోయి ఉంటే పాత పేజీని ముట్టుకోకుండా, కొత్త తీర్మానంతోనే సవరించుకోవలసి వచ్చేది.

విజయవాడ నుండి ఒక ప్రైవేటు కంపెనీ డైరెక్టరు:
మా వార్షిక సర్వసభ్య సమావేశపు మినిట్స్‌పై 30 రోజుల్లోపే సంతకం చేయించారు. తరువాతి సమావేశం దాకా ఆగనే లేదు. మీరెందుకు ఆగుతున్నారు?

విశ్రాంత కంపెనీ సెక్రటరీ:
అది 2013 నాటి కంపెనీల చట్టం కింద వాటాదారుల సమావేశానికి ఉన్న పద్ధతి అండీ. ఆ కంపెనీలోనే బోర్డు మినిట్స్ అయితే తరువాతి సమావేశపు అధ్యక్షులు కూడా సంతకం చేయవచ్చు. ఇక్కడ కార్యదర్శి గారు అడిగినది సంఘం కార్యవర్గం గురించి, అందుకు వారి నియమావళే ఆధారం.

ఇక అభ్యంతరం చేర్చడం గురించి. ఆ సభ్యుడు ఆ రోజే "నా అసమ్మతిని నమోదు చేయండి" అని అడిగి ఉండి, మీరు రాయడం మరచి ఉంటే అది దిద్దుబాటే అవుతుంది. ఇంటికి వెళ్లాక మనసు మారి ఇప్పుడు అడుగుతుంటే మాత్రం మినిట్స్‌లో చేర్చే వీలు లేదు, ఖర్చుపై పునరాలోచన కావాలని వేరే అంశంగా అజెండాలో పెట్టించుకోవాలి.

కోశాధికారి:
ఓటుకు పెడితే మెజారిటీవారు నిజంగా అన్న మాటను కూడా తీసేయగలరు కదా?

విశ్రాంత కంపెనీ సెక్రటరీ:
తీసేయగలరు, అది ఈ పద్ధతిలో ఉన్న లోపమే. అందుకే సవరణ వీగిపోయినా, ఫలానా సభ్యుడు ఇలా కోరగా సభ అంగీకరించలేదని ఈ సమావేశపు మినిట్స్‌లో రాయించడం నాకు అలవాటు. అందరూ దానికి ఒప్పుకోరు.

కార్యదర్శి:
అంకె సంగతి తేలింది, కృతజ్ఞతలు. అభ్యంతరం సంగతే తేలలేదు. నా చిత్తు నోట్సులో అది లేదు. ఆ రోజు ఆయన పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు విన్నామంటున్నారు, మరొకరు వినలేదంటున్నారు.