డాక్టర్ గారు ఫోన్ చూస్తుంటే ఆపాలా, కొనసాగించాలా?

మెడికల్ రెప్‌లను ఒకటి అడగాలి. ఓపీ మధ్యలో మనకు దొరికేదే రెండు మూడు నిమిషాలు. అందులో డాక్టర్ గారు ఫోన్ వైపు చూస్తుంటే మీరు ఎక్కడ ఆపుతారు?

స్క్రీన్ వెలిగినప్పుడు చూసి, చూపు మళ్లీ విజువల్ ఎయిడ్ మీదికి తెస్తే పట్టించుకోనక్కర్లేదు. వార్డు నుంచి వచ్చిన మెసేజ్ కావచ్చు. ఏ చప్పుడూ లేకుండానే బోర్లా పెట్టిన ఫోన్ తిప్పి చూశారంటే మాత్రం టైమ్ చూస్తున్నట్టే. అప్పుడు మొదలుపెట్టిన వాక్యం పూర్తిచేసి, మూడు సెకన్లు ఊరుకుంటే సంగతి తెలిసిపోతుంది. "రోజుకి ఎన్నిసార్లు?" అని అడిగితే కొనసాగించొచ్చు. "ఊఁ" అని ఊరుకుంటే మిగతా పేజీలు వదిలేసి, మందు పేరు, ఎవరికి ఇవ్వాలో ఒక్క మాటలో చెప్పి, శాంపిల్ పెట్టి లేవడమే.

చిక్కంతా సీనియర్లతోనే. కళ్లు ఫోన్ మీదే ఉంటాయి, నోరు మాత్రం "చెప్పు, చెప్పు" అంటుంది. అది మర్యాదా, అనుమతా? "వీలు కాకపోతే గురువారం వస్తాను సర్" అంటే నిజంగా వింటున్నవాళ్లు కూడా "సరే" అనేస్తారు, ఆ విజిట్ పోయినట్టే. "ఇంకొక్క పాయింటే సర్, చెప్పమంటారా?" అనడం మేలా? ఇంతకన్నా బాగా పనిచేసే మాట ఎవరి దగ్గరైనా ఉందా?