పాత యజమాని "మంచి అబ్బాయి" అంటే సరిపోతుందా?

వరంగల్ కోల్డ్ స్టోరేజీ: ఏనుమాముల దగ్గర మా కోల్డ్ స్టోరేజీకి గోదాము సూపర్‌వైజరు కావాలి. ఒకరు నచ్చారు. ఆయన పాత యజమానికి ఫోను చేస్తే "మంచి అబ్బాయండీ, సమయానికి వచ్చేవాడు, ఏ ఇబ్బందీ లేదు" అన్నారు. మిర్చి సీజను ముంచుకొస్తోంది. ఈ మాట నమ్మి తీసుకోవచ్చా? అసలు ఈ ఫోన్ల వల్ల లాభం ఉందా?

పరకాల జిన్నింగ్: లాభం లేదు. తనను పొగిడే వాళ్ల నంబరే ఎవరైనా ఇస్తారు. పైగా "సమయానికి వచ్చేవాడు" అన్నారంటే పని రాదని చెప్పకుండా చెప్పినట్టే. వదిలేయండి.

హనుమకొండ రిటైర్డ్ మేనేజరు: పరకాల వారి మాటలో సగం నిజం ఉంది. గోదాము మనిషి గురించి అడిగితే లెక్క గురించి ఒక్క మాటా రాలేదు, అది గమనించాల్సిందే. కానీ మీరు "ఎలాంటివాడు" అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు మన దగ్గర ఎవరైనా మర్యాదగా అదే జవాబు చెబుతారు. ఒకరి పొట్ట కొట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మళ్లీ ఫోను చేయండి. ఈసారి అభ్యర్థి ఇచ్చిన సెల్ నంబరుకు కాకుండా ఆ గోదాము ఆఫీసు నంబరుకు చేయండి, మాట్లాడుతున్నది యజమానే అని తెలుస్తుంది. మనిషి గురించి కాక జరిగిన పని గురించి అడగండి. సీజనులో లారీలు వరుసగా దిగుతున్నప్పుడు బస్తాల లెక్క ఎవరు రాసేవారు? ఒక రైతు లాటు ఇంకొకరికి పోతే మొదట ఎవరు పట్టుకునేవారు? చివరగా, ఖాళీ ఉంటే ఇదే పనికి మళ్లీ తీసుకుంటారా? అడిగాక మీరు మౌనంగా ఉండండి. మధ్యలో మనమే "అంటే బాగానే చేశాడన్నమాట" అని అందిస్తే వాళ్లు "అవునండీ" అని బయటపడతారు.

కాజీపేట నుంచి: ఒక్క మనవి. ఆయన ఇప్పుడు పనిచేస్తున్న చోటికి మాత్రం చెప్పకుండా ఫోను చేయకండి. నేను వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడు ఒకరు నేరుగా మా యజమానికే చేశారు. కొత్త ఉద్యోగం రాలేదు, ఉన్న చోట అకౌంట్ల పని నా చేతి నుంచి తీసేశారు. తర్వాత ఎవరు అడిగినా ఆయన ముభావంగా "చేసేది" అని ఊరుకునేవారు. ఆ ముక్తసరి మాటకు కారణం నా పని కాదు, ఆయన కోపం.

వరంగల్ కోల్డ్ స్టోరేజీ: ఇది ఆయన మానేసిన చోటే అమ్మా. మళ్లీ చేశాను. రిజిస్టరు ఎవరు రాసేవారంటే "ఆయనే రాసేవాడు, సాయంత్రం మేము ఒకసారి చూసుకునేవాళ్లం" అన్నారు. లాటు తారుమారైతే అని అడిగితే కాసేపు ఆగి, "ఒకసారి తేజ రకం వెళ్లాల్సిన చోట వండర్ హాట్ లోడయింది, అవన్నీ మా మేనేజరు సర్దేవారు" అన్నారు. మళ్లీ తీసుకుంటారా అంటే "ఇప్పుడు ఖాళీ లేదండీ" అన్నారు. ఖాళీ ఉంటే అని మళ్లీ అడిగాను. "హమాలీలతో పని చేయించడానికైతే కళ్లు మూసుకుని తీసుకుంటా" అన్నారు.

పరకాల జిన్నింగ్: నేను చెప్పిందే కదా!

హనుమకొండ రిటైర్డ్ మేనేజరు: కాదు. మీరు పని రాదన్నారు, ఆయన ఏ పని వచ్చో చెప్పారు. "ఖాళీ లేదు" అనేది తప్పుకునే మాట, రెండోసారి అడిగితేనే అసలు జవాబు వచ్చింది. "అయితే" అన్న చోటే హద్దు గీశారు. హమాలీలను నడపగలడు, లాటు లెక్క ఒంటరిగా అప్పగించలేం. అయినా ఒక్క పొరపాటుతో తేల్చకండి. రోజుకు ఎన్ని లారీలు దిగేవి, ఆయనకు తోడు గుమాస్తా ఉన్నాడా అన్నది తెలియాలి. ఒక్కడే మొత్తం చూసుకుని ఉంటే ఒక తప్పు పెద్దది కాదు. ఇద్దరు గుమాస్తాలుండీ జరిగిందంటే ఆలోచించాలి. ఇదే సంగతి అభ్యర్థినీ అడగండి. ఆ లాటు గురించి తానే చెప్పి, తర్వాత రసీదు ఎలా సరిచూశాడో వివరిస్తే నేనైతే తీసుకుంటాను. అలాంటిదేమీ జరగలేదంటే తీసుకోను.

వరంగల్ కోల్డ్ స్టోరేజీ: సర్దిన ఆ మేనేజరుతో మాట్లాడితే అన్నీ తెలుస్తాయి. కానీ ఆయన పేరు అభ్యర్థి ఇవ్వలేదు. చేయవచ్చా?

హనుమకొండ రిటైర్డ్ మేనేజరు: అభ్యర్థికి చెప్పి చేయండి. వద్దంటే కారణం అడగండి.

పరకాల జిన్నింగ్: చెబితే ముందే ఆయనకు ఫోను వెళ్తుంది. చెప్పకుండానే చేయాలి.

కాజీపేట నుంచి: చెప్పకుండా చేయడాన్ని నేను ఒప్పుకోను. ఆ మేనేజరుకు ఈయనంటే పడకపోతే, ఆ తప్పు ఎవరిదో మీకు ఎలా తెలుస్తుంది?