రెపో 1 శాతం తగ్గితే ఎంసీఎల్ఆర్ లోన్ ఎందుకు కదల్లేదు? మాక్ టెస్టులో డౌట్

కావలి అభ్యర్థి
నిన్నటి మాక్‌లో ఒక ప్రశ్న తప్పింది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు, రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 6.50 నుంచి 5.50 శాతానికి వచ్చింది. ఒకాయన హోమ్ లోన్ రెపోకే ముడిపడి ఉంది, మూడు నెలలకోసారి రీసెట్. ఇంకొకాయనది బ్యాంకే లెక్క కట్టుకునే ఎంసీఎల్ఆర్ రేటు మీద, ఏడాదికోసారి రీసెట్, తేదీ జనవరి 15. సెప్టెంబరు చివరికి ఎవరి వడ్డీ తగ్గి ఉంటుంది? నేను ఇద్దరిదీ అని పెట్టాను. కీలో మొదటాయనది మాత్రమే అని ఉంది. రెపో తగ్గితే అన్నీ తగ్గాలి కదా?

కందుకూరు రైతుబిడ్డ
కీ కరెక్టే అన్నా, ఎంసీఎల్ఆర్‌కి రెపోతో సంబంధమే లేదు. మా నాన్న పొగాకు, వరి రెండూ వేస్తాడు. పంట లోన్ వడ్డీ 7 శాతం, టైముకి కడితే 4. రెపో ఎటు పోయినా అదే ఉంది.

ఒంగోలు రిటైర్డ్ ఆఫీసర్
సంబంధం లేదనకు బాబూ, ఉంది. కాకపోతే చుట్టూ తిరిగి వస్తుంది. ఎంసీఎల్ఆర్‌ని బ్యాంకు కొత్తగా డబ్బు తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు చూసుకుని లెక్క కడుతుంది. రెపో తగ్గాక బ్యాంకు కొత్త డిపాజిట్ల రేటు తగ్గిస్తుంది గాని, వెంటనే అంతా తగ్గించదు. అందుకే ఖర్చు మెల్లగా దిగుతుంది. ఇక ఎంసీఎల్ఆర్ తగ్గినా ఆ రెండో ఆయన లోన్‌కి జనవరి 15 దాకా పాత రేటే. ప్రశ్న పట్టు అక్కడే ఉంది, తేదీ ఊరికే ఇవ్వలేదు.
మీ నాన్నగారి 7, 4 శాతం ప్రభుత్వ వడ్డీ రాయితీ వల్ల వచ్చినవి. నిర్ణీత పరిమితి లోపు రుణానికే. ఈ ప్రశ్నలోకి దాన్ని తేవద్దు.

నెల్లూరు ట్రంక్ రోడ్
సార్, మా లోన్ రెపో లింక్‌దే. ఏడాదైంది, ఈఎంఐ ఒక్క రూపాయి తగ్గలేదు! బ్యాంకు మోసం చేస్తోందా? నాకూ ఇదే టెన్షన్.

ఒంగోలు రిటైర్డ్ ఆఫీసర్
ముందు స్టేట్‌మెంట్‌లో వడ్డీ రేటు, మిగిలిన నెలలు చూడమ్మా. చాలా బ్యాంకులు ఈఎంఐ కదపకుండా కాలం తగ్గిస్తాయి. లెక్క చూడు. 20 లక్షలు, 20 ఏళ్లు. రెపో 6.50 మీద బ్యాంకు వేసుకునే స్ప్రెడ్ 2.50 కలిపితే 9 శాతం, ఈఎంఐ సుమారు 17,995. రెపో 5.50 అయితే 8 శాతం, కొత్త ఈఎంఐ సుమారు 16,729 కావాలి. అప్పు మొదట్లోనే రేటు మారిందనుకుని పాత 17,995 కడుతూ పోతే 240 నెలల బదులు 204 నెలలకే తీరుతుంది. మూడేళ్లు మిగులుతాయి. రేటే మారలేదనుకో, నీది 2019 అక్టోబరుకి ముందు తీసుకున్న పాత లోనేమో చూడు. రెపో లాంటి బయటి బెంచ్‌మార్క్‌కి ముడిపెట్టాలన్న నిబంధన ఆ తర్వాతి లోన్లకే.

నెల్లూరు ట్రంక్ రోడ్
నెలలు చూశాను, తగ్గాయి సార్. ఇంట్లో అందరం తిట్టేశాం ఆ బ్యాంకుని.

కందుకూరు రైతుబిడ్డ
మరి ఇది చెప్పండి సార్. 2025లో రెపో తగ్గింది, ధరల పెరుగుదల కూడా తగ్గింది. జూన్‌లో 2.10 శాతమే. అంటే రెపో తగ్గిస్తే ద్రవ్యోల్బణం తగ్గుతుందనే స్టేట్‌మెంట్ నిజమే కదా? నేను నిజమని పెట్టి తప్పాను.

ఒంగోలు రిటైర్డ్ ఆఫీసర్
వాన ఆగిందని గొడుగు మూస్తాం. గొడుగు మూసినందుకు వాన ఆగలేదు. కూరగాయలు, పప్పుల ధరలు దిగాయి, ద్రవ్యోల్బణం 4 శాతం లక్ష్యం వైపు దిగుతూ వచ్చింది, అందుకని రిజర్వ్ బ్యాంకు రెపో తగ్గించి వృద్ధికి ఊతమిచ్చింది. రెపో తగ్గితే అప్పులు చౌక, కొనుగోళ్లు ఎక్కువ, ధరలు పైకి వెళ్లే ఒత్తిడి. కాని అది నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది. పంట బాగా పండితే అసలు కనబడకపోవచ్చు కూడా.

కావలి అభ్యర్థి
అయితే రెపో తగ్గిస్తే ద్రవ్యోల్బణం ‘వెంటనే పెరుగుతుంది’ అని ఆప్షన్‌లో ఉంటే?

ఒంగోలు రిటైర్డ్ ఆఫీసర్
‘వెంటనే’ అన్న మాట కనబడితే నేనైతే తప్పు పెడతాను.

నెల్లూరు ట్రంక్ రోడ్
మా కోచింగ్ సార్ మాత్రం ‘ఇతర అంశాలు మారకపోతే’ అని ఉంటే టైము పట్టించుకోవద్దు, దిశ చూసి పెట్టమంటారు.

కావలి అభ్యర్థి
నిన్నటి ద్రవ్యోల్బణం ప్రశ్నలో ఆ ముక్కే లేదక్కా. ఆ ఒక్కదాని మీద అభ్యంతరం పెట్టాను, వాళ్లేమంటారో చూడాలి.