డయాలసిస్ మీద షార్ట్ ఫిల్మ్: ఏడుపు సీను ఎక్కడ ఆపాలి?

అడిగినవారు: మా నాన్న డయాలసిస్ మీద ఉన్నారు. ఆయన కథనే నటులతో తొమ్మిది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌గా తీశాను. చూసినవాళ్లంతా ఏడ్చారు. నాన్న మాత్రం "బతికుండగానే దండేశావురా" అన్నారు. మొదట చేతిలో సూది, తర్వాత మెషిన్, ఆపైన 40 సెకన్లు అమ్మ పాత్ర ఏడుపు, వెనక వేణువు. ఏం మార్చాలి?

ఒక సభ్యుడు: మ్యూజిక్ తీసేయండి. అంతే.

అడిగినవారు: తీసి చూశాను. మెషిన్ బీప్ మిగిలింది, ఇంకా భయంగా ఉంది.

ఎడిటర్: బీప్‌ని కూడా మీరు మ్యూజిక్‌లాగే వాడారు మరి. సెంటర్లో అలారం మోగితే నర్సు వచ్చి చూసి, బటన్ నొక్కి వెళ్తుంది. పక్క బెడ్ ఆయన పేపర్ చదువుతూనే ఉంటాడు. అసలు లోటు వేరే. సినిమాలో ఆయన ఏమీ చేయడు, అన్నీ ఆయనకి జరుగుతాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మెషిన్ దగ్గర ఉంటారు, సరే. ఇంట్లో ఆయన తంటా దేనితో?

అడిగినవారు: నీళ్లతో. రోజుకి 750 మిల్లీలీటర్లే అన్నారు డాక్టరు. పొద్దున్నే సీసాలో కొలిచి పెట్టుకుంటారు. కాఫీ ఎంత తాగితే అంత నీళ్లు సీసాలోంచి వంపేస్తారు. చారు, మజ్జిగ కూడా లెక్కే.

ఎడిటర్: దాంతో మొదలుపెట్టండి, జబ్బు పేరు చెప్పకుండా. మే నెల, చుట్టాలింట్లో గ్లాసు నిండా మజ్జిగ ఇస్తారు. ఆయన రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెడతారు. "బాగాలేదా అన్నయ్యగారూ?" అంటుంది ఆవిడ. సూది షాట్ దీని తర్వాత వస్తే చాలు. ఏడుపు సీన్లో అమ్మ పాత్ర మొహం తిప్పుకోగానే కట్ చేయండి. వేణువు ఉంచాలనుకుంటే తర్వాతి సీన్లో, ఆవిడ మామూలుగా చారు పోపు పెడుతున్నప్పుడు రానివ్వండి.

ఇంకో సభ్యురాలు: వైద్యానికి విరాళాల వీడియో అయితే ఏడుపు ఉండాల్సిందే కదా? మా తమ్ముడికి అలాగే డబ్బులొచ్చాయి.

ఎడిటర్: వీరిది విరాళాల వీడియో కాదమ్మా. అయినా మీ తమ్ముడిని ఆ వీడియో గురించి ఒకసారి అడిగి చూడండి.

ఉద్దానం నుంచి: మా ఊళ్లకి కిడ్నీ జబ్బుల మీద కెమెరాలు చాలా వచ్చాయి. వాచిన కాళ్లు, ఖాళీ మంచం తీసుకుని పోతారు. ఎడిట్ అయ్యాక మళ్లీ వచ్చి చూపించిన వాళ్లని నేనైతే చూడలేదు. షూటింగ్ రోజు మంచం మీద ఒప్పుకున్నది ఒప్పుకోలే కాదని నా లెక్క.

ఎడిటర్: నిజం. కట్ చూపించి, వద్దన్న షాట్ తీసేయాలి. అది లేకపోతే కథ నడవనంత ముఖ్యమైన షాట్‌నే వద్దంటే? నాకు ఒకసారి సినిమానే ఆపాల్సి వచ్చింది. తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అడిగినవారు: కొత్త కట్ నాన్నకి చూపించాను. మజ్జిగ దగ్గర నవ్వారు. ఏడుపు గురించి ఏమీ అనలేదు. "నీళ్లు గ్లాసుతో కొలిపించావేం? నేను సిరప్ మూతతో కదా కొలిచేది" అన్నారు. ఆ షాట్ ఆదివారం మళ్లీ తీస్తున్నాం.