అప్‌డేట్: ఆ గులాబీ సీసాలో ఉన్నది ఒట్టోనా, అబ్సొల్యూటా?

నేను అడిగింది: "వైజాగ్‌లో రోజ్ ఒట్టో అని కొన్న సీసాలో ఉన్నది నిజంగా ఒట్టోనా?" ఒట్టో అంటే గులాబీ పూలని ఆవిరి పట్టి తీసిన నూనె, అబ్సొల్యూట్ అంటే ద్రావకాలతో తీసిన గులాబీ సారం.

మీరు చెప్పినట్టే ఫ్రిజ్‌లో పెట్టి చూశానండి, గడ్డకట్టలేదు, అలాగే నీళ్లలా ఉంది. అసలు ఒట్టో అయితే 20 డిగ్రీల దరిదాపుల్లోనే అందులోని మైనం పలుకులు కడుతుంది, చేత్తో పట్టుకుంటే మళ్లీ కరుగుతుంది, మన ఊరి ఎండకి బయట ఉంచితే ఎప్పటికీ తెలీదు! పైగా నాది ఎర్రగా ఉంది, ఒట్టో లేత పసుపు కదా, కాబట్టి అబ్సొల్యూటే అనుకుంటున్నా. అలా అని గడ్డకడితే అసలైనదే అనుకోకండి, మైనం కలిపి మోసం చేసేవాళ్లూ ఉన్నారు, ల్యాబ్‌లో నూనెలోని పదార్థాలని విడదీసి చూసే గ్యాస్ క్రొమటోగ్రఫీ టెస్ట్ చేయిస్తేనే ఖాయం.

వాసన తేడాకి కారణం గులాబీలో ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే సువాసన పదార్థం అంట. అది నీళ్లలో కరుగుతుంది, అందుకే ఆవిరి పట్టి తీసేటప్పుడు ఎక్కువ భాగం రోజ్ వాటర్‌లోకి పోతుంది, ఒట్టోలో కొంచెమే మిగులుతుంది. అబ్సొల్యూట్‌కి ముందు హెక్సేన్, తర్వాత ఆల్కహాల్ వాడతారు, నీళ్లలో ఉడికించరు, అందుకే అది అందులోనే ఉండిపోయి తాజా పువ్వు వాసనకి దగ్గరగా అనిపిస్తుంది. నాకైతే ఇదే నచ్చింది, పేరు మార్చి అమ్మడమే నచ్చలేదు.

తెల్లారుజామున కోసేది ఎందుకంటే అప్పుడే రేకుల్లో నూనె ఎక్కువ, ఎండెక్కే కొద్దీ ఆవిరైపోతుంది. బల్గేరియాలోని కజాన్‌లక్‌లో కిలో ఒట్టోకి మూడున్నర వేల కిలోల పూలు పడతాయి, రేటు ఎందుకంతో అర్థమైంది.